తలలు లెక్కపెట్టని ఇల్లు

నేను ఐదో తరగతి దాకే చదివాను. రాయడం అలవాటు లేదు, ఇప్పుడు ఊరికి కూడా వాయిస్ మెసేజ్‌లే పెడతాను. మస్కట్ నుంచి మా పాత ఇల్లు చూడ్డానికి వచ్చిన ఒక నర్సమ్మ, నేను చెప్పింది విని, ఇదంతా కాగితం మీద పెట్టమంది. నాకు రాదంటే, మాట్లాడినట్టే రాయమంది. తప్పులుంటాయేమోనని భయంగానే ఉంది. అయినా రాస్తున్నాను.

మాది కడప జిల్లా. ఒమన్‌కు ఇంటి పని మీద వచ్చాను. నేను పని చేసే కుటుంబం హమ్రాలో ఉంటుంది. పెద్ద కొండల కింద, ఖర్జూరపు తోటల పక్కన ఉన్న ఊరు. పాత ఊరంతా మట్టి ఇళ్ళు. రెండంతస్తులు, మూడంతస్తులు, ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకున్నట్టు ఉంటాయి. చాలావాటిలో ఇప్పుడు ఎవరూ లేరు. అందరూ కింద రోడ్డు పక్కన సిమెంటు ఇళ్ళు కట్టుకుని ఏసీలు పెట్టుకున్నారు.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం, అమ్మ అన్నట్టు. మా మామా ముసలామె. ఆమె పెళ్ళయి వచ్చింది, పిల్లల్ని కన్నది పాత ఊళ్ళోని మట్టి ఇంట్లోనే. ఆమె కొడుకు స్కూల్లో పాఠాలు చెప్తారు, అందుకని నేను ఆయన్ని ఉస్తాద్ అని పిలుస్తాను. ఆయన వానకు కరిగిన గోడలకు మళ్ళీ మట్టి మెత్తించి, కూలిన మెట్లు కట్టించి, ఆ ఇంటిని చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం తెరిచారు. దానికి లైసెన్స్ తీసుకున్నారు. నా వీసా కూడా ఇంటి పని నుంచి ఆ లైసెన్స్ మీదికి మార్పించారు. ఊడ్చి తుడిచేది, కప్పులు కడిగేది నా డ్యూటీ.

వారమంతా ఆయనకు స్కూలు. శుక్రవారం, శనివారం సెలవు. ఆ రెండు రోజులే ఆయన గైడు. ఇక్కడ గైడు కార్డు లేకుండా ఎవరూ గ్రూపును తిప్పకూడదు. ఆ కార్డు ఆయన మెడలో ఉంటుంది. ఆయన ఇంగ్లీషులో, అరబ్బీలో, కొంచెం హిందీలో చెప్తారు. మస్కట్ నుంచి తెలుగువాళ్ళు రావడం మొదలయ్యాక, ఆయన చెప్పింది తెలుగులో చెప్పమని నన్ను పక్కన నడిపించారు. కార్డు ఆయనది, నోరు నాది. అట్లా వారానికి రెండు రోజులు నేను కూడా గైడునైనాను.

చెప్పడానికి ముందు నేర్చుకోవాలి కదా. వంటింట్లో మామా దగ్గర నేర్చుకున్నాను. ఆమె ఇనుప పెనం మీద కాఫీ గింజలు వేయిస్తూ చెప్పేది. ఏ గదిలో ఖర్జూరపు మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్ళో, ఆ బరువుకు పాకం కారి నేల మీది కాలువల్లోంచి కుండలోకి ఎట్లా దిగేదో, పైకప్పుకు ఖర్జూరపు దూలాలు ఎందుకు అంత దగ్గరగా వేశారో, అన్నీ. మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చి కొన్ని సరిదిద్దేవారు. ఇద్దరికీ కొన్నిచోట్ల పడదు. తలుపుకు పైన గోడలో ఒక కంత ఉంది. శత్రువులు వస్తే దాంట్లోంచి మరిగే ఖర్జూరపు పాకం పోసేవాళ్ళని ఉస్తాద్ చెప్తారు. కోటల్లో గైడులందరూ చెప్పేది అదే. వచ్చినవాళ్ళకు అది చాలా నచ్చుతుంది, ఫోటోలు తీసుకుంటారు. మామా మాత్రం మూతి తిప్పేది. కోటలో సంగతి కోటవాళ్ళకు తెలుసు, మా ఇంట్లో తినే పాకాన్ని ఎవరి నెత్తినా పోయలేదు, తలుపు తట్టింది ఎవరో అక్కడి నుంచి చూసేవాళ్ళం అనేది. నేను తెలుగులో రెండూ చెప్పేదాన్ని. జనం రెండోదానికి నవ్వేవాళ్ళు.

రేటు ఉస్తాద్ పెట్టారు. పెద్దవాళ్ళకు తలకు రెండు రియాళ్ళు, పిల్లలకు ఒకటి, చంకలో పాపలకు ఏమీ లేదు. పదిమంది దాటితే కొంచెం తగ్గిస్తారు. ఊరు తిప్పి చూపించడం, ఇంటి లోపల చూపించడం, మామా చేతి కాఫీ, ఖర్జూరాలు, అన్నీ దాంట్లోనే. మామాకు ఈ లెక్క తెలియదు. డబ్బు తీసుకుంటారని తెలుసు, మట్టి పనికి ఖర్చవుతుంది కాబట్టి ఒప్పుకుంది. ఎట్లా తీసుకుంటారో ఎప్పుడూ అడగలేదు. ఉస్తాద్ మనుషుల్ని వీధి మొగదలలోనే లెక్కపెట్టుకుని, అక్కడే డబ్బు తీసుకుని, తర్వాతే ఇంటి దాకా తెచ్చేవారు. ఆమె తలుపు లోపల పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు సలాం చెప్పి, కాఫీ పోసేది. ఆమె దృష్టిలో వాళ్ళు చుట్టాలు.

ఒక శనివారం మస్కట్ నుంచి చర్చి గ్రూపు వచ్చింది. కోస్తా వాళ్ళు. ఎక్కువ మంది ఆసుపత్రిలో నర్సులు, వాళ్ళ భర్తలు, పిల్లలు. శుక్రవారం వాళ్ళకు ఆరాధన ఉంటుంది, అందుకే శనివారం బస్సు కట్టించుకుని వచ్చారు. వాళ్ళను తెచ్చిన అన్న కూడా నర్సే. ఏలూరు దగ్గర అతను. మనిషి మంచివాడు, మాట ఎక్కువ. అందరి దగ్గరా ముందే డబ్బు వసూలు చేశాడు కాబట్టి, ఒక్క పైసా తేడా వచ్చినా తన మీదికి వస్తుందని అతని భయం.

ఆ రోజు వీధి మొగదలలో ఎండ మండిపోతోంది. పిల్లలు ఏడుస్తున్నారు. నీడలో లెక్క చూసుకుందామని ఆ అన్న అందరినీ నడిపించుకుని నేరుగా ఇంటి తలుపు దగ్గరికి తెచ్చేశాడు. ఉస్తాద్ డబ్బు అందుకున్నారు గానీ తలలు ఇంకా లెక్కపెట్టలేదు, వెనక ముసలివాళ్ళను వీధి మెట్లు ఎక్కిస్తూ ఉండిపోయారు. అన్న గడప మీద నిలబడి, ఒక్కొక్కరి భుజం తట్టి లోపలికి పంపుతూ, గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక నాలుగేళ్ళ పాపను ఆపాడు.

“అక్కండీ, ఈ పాప హాఫా, ఫుల్లా?” అని నన్ను అడిగాడు.

“చిన్నబిడ్డన్నా. లోపలికి పంపియ్. లెక్క మళ్ళ చూసుకుందాం,” అన్నాను.

“మళ్ళీ అంటే కుదరదండీ. వాళ్ళమ్మ హాఫే ఇచ్చింది. మీ మాస్టారు ఫుల్ అంటే నా జేబులోంచి పోతుంది కదా. అదేదో ఇక్కడే తేల్చేయండి.”

వాళ్ళమ్మ వెనక నుంచి, ఈ బిడ్డ బస్సులో కూడా నా ఒళ్ళోనే కూర్చుంది బ్రదర్ అంది. ఇంకెవరో నవ్వి, అయితే ఆ బ్రదర్ పొట్టకు ఫుల్లున్నర వేయండి అన్నారు. అందరూ నవ్వారు.

మామా కాఫీ కూజా చేత్తో పట్టుకునే ఉంది. భాష తెలియకపోయినా, భుజాలు తట్టడం చూసింది, పాపను ఆపడం చూసింది. ఏమంటున్నారని నన్ను అడిగింది. అబద్ధం చెప్పాలన్న ఆలోచన రాలేదు. పాపకు డబ్బు సగమా, మొత్తమా అని అడుగుతున్నారని చెప్పాను.

ఆమె కూజా కింద పెట్టింది. వచ్చి పాప చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, తన పీట పక్కన కూర్చోబెట్టుకుని, నోట్లో ఖర్జూరం పెట్టింది. తర్వాత అందరికీ కాఫీ పోసింది. ఎప్పటిలాగే పోసింది. మొహం మాత్రం మారిపోయింది. చివరి మనిషి చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళాక కొడుకును పిలిచింది.

“వాళ్ళ డబ్బు వాళ్ళకు ఇచ్చెయ్. ఈ రోజు తాగింది నా ఇంటి కాఫీ,” అంది. “నా గడప మీద మనుషుల్ని మేకల్లాగా లెక్కపెట్టారు. ఇంక ఈ తలుపు తెరవొద్దు.”

ఉస్తాద్ ఏదో చెప్పబోయారు. ఆమె వినలేదు. తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది.

ఉస్తాద్ వీధిలోకి పోయి డబ్బు తిరిగి ఇస్తే, ఆ అన్నకు అర్థం కాలేదు. ఇల్లు నచ్చలేదని మేమేమీ అనలేదు కదండీ, డిస్కౌంటా ఇది అని నన్ను అడిగాడు. సంగతి చెప్పాను. అతను తల గోక్కుని, మా చర్చి టూర్లో ఎప్పుడూ ఇంతే కదా, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు లెక్కపెట్టకపోతే ఎవరో ఒకరిని వదిలేసి వెళ్ళిపోతాం అన్నాడు. అది కూడా నిజమే.

నాకు మామా కోపం వింతగా అనిపించలేదు. మా ఇంట్లో కూడా బంతిలో కూర్చున్నవాళ్ళు ఎన్ని ముద్దలు తిన్నారో లెక్కపెడితే మా అవ్వ తిట్టేది.

తర్వాతి వారం తలుపు తెరవలేదు. ఆ తర్వాత కూడా తెరవలేదు. గ్రూపులు వచ్చాయి. ఉస్తాద్ బయట వీధులు తిప్పారు, తోటల్లోకి తీసుకుపోయారు. లోపల చూసేదేమీ లేదంటే జనం మొహాలు వాడిపోయేవి. మూసిన తలుపు ముందు నిలబడి, కంత చూపించి పాకం కథ చెప్పేవారు. నేను తెలుగులో చెప్పేదాన్ని. లోపల మామా లేకుండా రెండో మాట చెప్పబుద్ధయ్యేది కాదు, ఒకటే చెప్పి ఊరుకునేదాన్ని.

ఉస్తాద్ ఒక రోజు నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పారు. లైసెన్స్ ఆ ఇంటి పేరు మీద ఉంది. దాన్ని తిరగరాయించే నెల దగ్గరికొస్తోంది. ఇల్లు మూసి ఉంటే లైసెన్స్ కట్టడం దండగ. లైసెన్స్ లేకపోతే దాని మీద నా వీసా ఉండదు. మళ్ళీ ఇంటి పని మీదికి మార్చే వీలు లేదు, ఇంటి పనికి ఆయన అక్క ఇంకో మనిషిని అప్పటికే తెచ్చి పెట్టింది. ఆయన బాధగానే చెప్పారు, కానీ సూటిగా చెప్పారు. మామా తలుపు తెరవాలి, లేదంటే నేను ఊరికి పోవాలి. ఊళ్ళో నా కూతురు నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్ళు ఉంది.

తల్లితో మాట్లాడమని ఆయన నాకు చెప్పలేదు. నేను కూడా మాట్లాడలేదు. నా వీసా కోసం నీ మర్యాద వదులుకో అని ఏ నోటితో అడుగుతాను.

ఆ వారం తోట చూసుకునే బంగ్లాదేశ్ అతను సెలవు మీద పోయాడు. మామా తోటకు ఫలజ్ నీళ్ళు వదలాల్సిన వంతు వచ్చింది. ఫలజ్ అంటే కొండలోంచి భూమి కింద తవ్వి తెచ్చిన కాలువ. ఊరికంతటికీ అదే నీరు. మామా, నేను కలిసి వెళ్ళాం. పిల్ల కాలువకు అడ్డంగా ఒక రాయి, దాని చుట్టూ పాత గోనె గుడ్డలు కుక్కి ఉన్నాయి. వంతు మొదలయ్యే వేళకు దాన్ని తీసి, పెద్ద కాలువకు అడ్డం పెట్టాలి. అప్పుడు నీళ్ళు మన తోటలోకి తిరుగుతాయి. నేను తీశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మామా గట్టు మీద కూర్చుంది.

నేను ఊరికే అడిగాను, ఎవరికి ఎన్ని నీళ్ళో ఎట్లా కొలుస్తారని. నీళ్ళను కొలవరు అంది. పొద్దును కొలుస్తారు. ఒక వంతును అతర్ అంటారు, అరగంట దాకా ఉంటుంది. వెనకటికి నేలలో కర్ర పాతి దాని నీడను బట్టి చూసేవాళ్ళు, రాత్రి నక్షత్రాలను బట్టి. ఇప్పుడు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ అరగంట నీళ్ళు నీవి. నీ తోటలో రెండు చెట్లున్నా, యాభై ఉన్నా ఎవరూ అడగరు. ఎవడైనా నిద్రపోయి ఆలస్యంగా వస్తే, పోయిన నీళ్ళు పోయినట్టే. పక్కవాడి మీద అరవడానికి లేదు. చిన్న తోటలవాళ్ళు ఇద్దరు కలిసి ఒక వంతు పంచుకుంటారు. ఆమె భర్త ఎండాకాలంలో ఊరి వేలంలో అదనంగా ఇంకో వంతు కొనేవాడట.

“కొనేవాడా? నీళ్ళు అమ్మడం తప్పు కాదా మామా?” అని అడిగాను.

“నీళ్ళు ఎవరు అమ్మారు బిడ్డా?” అంది. “వంతు అమ్మారు. అందులో సిగ్గేముంది.”

 మిగతా మడులకు నీళ్ళు పారించి, మళ్ళీ రాయి అడ్డం పెట్టాను. ఇంటికి వచ్చాక అంట్లు తోముతూ ఆ మాటే అనుకుంటున్నాను. సాయంత్రం ఉస్తాద్‌కు టీ ఇచ్చేటప్పుడు, నాకొకటి తోచింది చెప్పనా అన్నాను. నా అరబ్బీ అంతంతే, సగం హిందీలో చెప్పాను. తలల రేటు తీసేద్దాం, ఇంటిని వంతుల లెక్కన ఇద్దాం. ఒక వంతుకు ఒకటే రేటు. ఎంతమంది వస్తారో వాళ్ళిష్టం, మనం లెక్కపెట్టం. డబ్బు సంగతి ముందే ఫోన్లో అయిపోవాలి. ఇంటి దగ్గర ఆ మాటే రాకూడదు.

ఆయన టీ పక్కన పెట్టారు. మాస్టారు కదా, ఒక్కొక్క తప్పు పట్టుకోవడం మొదలుపెట్టారు. బస్సు నిండా యాభైమంది దిగితే పైఅంతస్తు ఆగుతుందా అన్నారు. ఆగదు, దూలాలు పాతవి. మేడ మీదికి కొందరిని మీరు తీసుకుపొండి, మిగిలినవాళ్ళు కింద నా దగ్గర, మామా దగ్గర కాఫీ తాగుతారు, తర్వాత వాళ్ళు పైకి, వీళ్ళు కిందికి అన్నాను. మరి కారులో ఇద్దరే వస్తే, ఇద్దరికీ బస్సు రేటా అన్నారు. చిన్న తోటలవాళ్ళలాగా వాళ్ళు ఇంకొకరితో వంతు పంచుకుంటారు, అది మీరే ఫోన్లో కుదర్చండి అన్నాను. ఆలస్యంగా వస్తేనో అన్నారు. నేను చెప్పే లోపల ఆయనకే తోచి నవ్వారు. ఆయన చిన్నప్పటి నుంచి ఆ కాలువ గట్టు మీద పెరిగిన మనిషి.

అరగంట చాలదని, రెండు అతర్లు కలిపి ఒక వంతు చేశారు. ముప్పై రియాళ్ళు పెట్టారు. పెద్ద బస్సు గ్రూపులకు తలల రేటు కన్నా ఇది తక్కువ పడుతుంది. చిన్న గ్రూపులకు కొంచెం ఎక్కువ, పంచుకుంటే సరిపోతుంది. మొత్తం మీద నష్టం లేదని ఆయన లెక్క.

మామాకు చెప్పే పని ఆయనే పెట్టుకున్నారు. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడి విన్నాను.  నా ఇల్లేమైనా కాలువా అంది ఆమె. కొడుకు బతిమాలలేదు. నీ తోటకు నీళ్ళిచ్చే కట్టుబాటు నీ ఇంటికి ఎందుకు పనికిరాదో చెప్పమన్నారు. ఆమె నా వైపు చూసింది. ఇది ఎవరి బుర్రలోంచి వచ్చిందో తెలిసిపోయింది. కోప్పడలేదు, మెచ్చుకోలేదు.

చివరికి ఒక శనివారం తెరుస్తానంది. ఒక్క శనివారమే. ఆ రోజు తన గడప మీద డబ్బు మాట గానీ, లెక్క గానీ వినబడితే మళ్ళీ తనను అడగొద్దంది. ఇంకొక మాట కూడా అంది. “తలుపు తెరిచి ఉండగా దారిన పోయేవాడు ఎవడు లోపలికి వచ్చినా వాడికి కాఫీ పోస్తాను. నువ్వెవరి మనిషివి అని వాడిని ఎవరూ అడగకూడదు.”

ఉస్తాద్ ఒప్పుకున్నారు. ఒప్పుకోకుండా దారి లేదు.

ఆ శనివారం మొదటి వంతు ఎవరికి ఇవ్వాలని చూస్తే, అంతకు ముందే ఫోన్ చేసి అడిగింది ఆ ఏలూరు అన్నే. ఆ రోజు డబ్బు తిరిగి ఇచ్చారని అతనికి మనసులో ఉండిపోయిందట. రాలేకపోయిన నర్సులు ఇంకో బస్సు నిండా ఉన్నారట. ఉస్తాద్ ఇంకొకరిని చూద్దామా అన్నారు.  కానీ అతనికి జరిగింది తెలుసు, కొత్తవాళ్ళకు తెలియదు. అతనికే ఇమ్మన్నాను. ఫోన్లో అంతా విడమరిచి చెప్పాను. డబ్బు ముందే పంపించేశాడు. అంతా విని, “అంటే ఎంతమందైనా రావచ్చన్నమాట. అక్కండీ, మీరు చాలా పెద్ద పొరపాటు చేస్తున్నారు, నేను మొత్తం ఆసుపత్రిని దింపేస్తాను,” అన్నాడు.

“దింపన్నా. టయానికి రాకపోతే మాత్రం నన్ను అనొద్దు. వంతు పోయిందంటే పోయినట్టే,” అన్నాను.

ఆ రోజు మామా పెందలాడే వచ్చి పీట మీద కూర్చుంది. గింజలు వేయించింది, నేను దంచాను. వంతు మొదలయ్యే వేళయింది. బస్సు రాలేదు. ఉస్తాద్ వీధి మొగదల దాకా పోయి చూసి వచ్చారు. ఫోన్ చేస్తే, దారిలో నిజ్వా కోట చూస్తున్నాం, ఇదిగో బయల్దేరుతున్నాం అన్నాడు. ఇదిగో అంటే మనవాళ్ళ లెక్క ఎంతో నాకు తెలుసు. ఉస్తాద్‌కు చెప్పలేదు.

తలుపు తెరిచి ఉంది కదా, వీధిలో తిరుగుతున్న ఒక తెల్లవాళ్ళ జంట లోపలికి తొంగి చూసింది. మామా రమ్మని చెయ్యి ఊపింది. వాళ్ళు చెప్పులు విడిచి వచ్చి చాప మీద కూర్చున్నారు. ఆమె ఖర్జూరాలు ముందుకు జరిపి కాఫీ పోసింది. ఉస్తాద్ మీరెవరని అడగకుండా వాళ్ళకు పాకం గది చూపించారు.

సగం వంతు అయిపోయాక బస్సు వచ్చింది. నేను పరుగున వీధి మలుపు దాకా ఎదురుపోయాను. ఆ అన్న అందరికన్నా ముందు నడుస్తూ వస్తున్నాడు, తల ఎత్తి చూస్తే తెరిచిన తలుపులోంచి ఆ జంట కనబడింది.

“వాళ్ళెవరండీ? మన టైములో వాళ్ళెందుకున్నారు? వాళ్ళు కట్టారా?” అన్నాడు.

గడపకు ఇంకా పది అడుగులు కూడా లేవు. అతని చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.

“అన్నా, ఒక్కమాట విను. ఆ మాట నువ్వు ఆడికి పోయి అంటే ఆ తలుపు మళ్ళ తెరుచుకోదు. నేను ఊరికి పోవాల. నా బిడ్డ సదువు నిలిచిపోతాది. నువ్వు కట్టిన లెక్క ఎంతైతే అంతా నేను ఇస్తా. ఆడ మాత్రం నోరు తెరవాకు.”

అతను నన్ను చూశాడు. వెనక జనం వచ్చి మా మీద పడుతున్నారు. ఒక ఆడమనిషి, ఏంటి బ్రదర్ మళ్ళీ లెక్కేనా, నన్ను మర్చిపోకండి అంది.  అతను చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న పేర్ల కాగితాన్ని కొంచెం లోపలికి తోసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, అందరూ చెప్పులు విడిచి నిమ్మళంగా లోపలికి వెళ్ళండి, ముసలమ్మకు దణ్ణం పెట్టండి అన్నాడు. తాను అందరికన్నా చివర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెదాలు కదుపుతున్నాడు, లోలోపల లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు. మామాకు వినబడలేదు.

లోపల కిక్కిరిసిపోయారు. ఉస్తాద్ కొందరిని మేడ మీదికి తీసుకుపోయారు. నేను మిగిలినవాళ్ళకు తలుపు మీది కంత సంగతి రెండు రకాలుగానూ చెప్పాను. కప్పు ఇంక చాలంటే కొంచెం ఊపి ఇవ్వాలని చెప్పడం మర్చిపోయాను, మామా పోస్తూనే ఉంది, వాళ్ళు మొహమాటానికి తాగుతూనే ఉన్నారు. ఒక నర్సమ్మ నా చెవిలో, ఇంక నా వల్ల కాదక్కా, రాత్రి నిద్ర పట్టదు అంటే అప్పుడు గుర్తొచ్చి చెప్పాను.

పైకి పోయినవాళ్ళు దిగేసరికి వంతు అయిపోయింది. రెండో వంతు వాళ్ళు, మస్కట్ పక్కన మబేలాలో షాపులున్న గుజరాతీ కుటుంబాలు, వీధిలో నీడన నిలబడి ఉన్నారు. మా వాళ్ళలో సగం మంది మేడ చూడలేదు. ఉస్తాద్ కాస్త మెత్తబడి, ఇంకొంచెంసేపు ఉండనిద్దామా అని తల్లిని అడిగారు. ఆమె ఆలోచించలేదు. కాఫీ ఇంకా తాగాలంటే తాగమను, మేడ మాత్రం వంతు వచ్చినవాళ్ళది అంది.

బస్సు దగ్గరికి పోయాక ఆ అన్న మొదలుపెట్టాడు. సగం మందే మేడ చూశారు కాబట్టి సగం డబ్బు తగ్గించాలన్నాడు. అక్కడ ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, గడప లేదు కదా. ఉస్తాద్ తగ్గించలేదు. కాలువ సంగతి చెప్పమన్నారు. నేను చెప్పాను, నిద్రపోయినవాడి నీళ్ళ గురించి కూడా. బస్సులో కూర్చున్న ఆడవాళ్ళు కిటికీల్లోంచి విని, కోటలో ఫోటోలు చాలు రండి అని అరిస్తే ఈ బ్రదరే ఇంకోటి ఇంకోటి అన్నాడని అతని మీదికి వచ్చారు. అతను చేతులెత్తేశాడు.

“సరేనండీ. చూడనివాళ్ళ కోసం ఇంకోసారి వస్తాం. రెండు వంతులు వరసగా తీసుకుంటాను. అప్పుడైనా రేటు చూసుకోండి మాస్టారూ,” అన్నాడు. నేను తిప్పి చెప్పాను. ఉస్తాద్ రెండు వంతులు కలిపి తీసుకుంటే యాభై అన్నారు. ఇప్పటికీ గ్రూపులకు అదే రేటు నడుస్తోంది. అతను ఆ వంతుల్లో ఎవరిని ఎప్పుడు తేవాలో అక్కడే జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, ఇస్తానన్నారు కదా ఆ లెక్క, అది మీ అమ్మాయి ఫీజులో కలుపుకోండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

రెండో వంతు కూడా అయ్యాక ఉస్తాద్ కారు తేవడానికి పోయారు. నేను కప్పులు కడిగి బోర్లించాను. మామా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలసిపోయి కూర్చుంది. తెరుస్తానంది ఒక్క శనివారమే కదా, ఏమంటుందో అని చూస్తున్నాను. 

“ఆ రోజు లెక్కపెట్టినవాడు ఈ రోజు కూడా వచ్చాడు కదా,” అంది.

వచ్చాడన్నాను.

“గోడ దగ్గర నిలబడ్డాడు. వాడికి కాఫీ అందలేదు. నువ్వు చూసుకోవాల్సింది.”

ఇంకోసారి వస్తాడు మామా, అప్పుడు ఇద్దాం అన్నాను. ఎప్పుడని అడిగింది. వచ్చే నెలలో అన్నాను.

“మరి వచ్చే వారం మొదటి వంతు ఎవరిది?”

ఇంకా ఎవరూ అడగలేదని చెప్పాను.

“అయితే అది మనదే. పెందలాడే వచ్చి మనమే కూర్చుందాం,” అంది. లేవడానికి చెయ్యి ఇమ్మంది. ఇచ్చాను.